పక్షవాతం వచ్చిన పెద్దవారికి పొలమారి వచ్చే న్యుమోనియా: ఏ యాంటీబయాటిక్ ఎంచుకోవాలి, ఎన్ని రోజులు ఇవ్వాలి

హనుమకొండ, పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే యువ డాక్టర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. పక్షవాతం వచ్చిన పెద్దమనిషికి అన్నమో జావో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తే ఏ మందుతో మొదలుపెట్టాలన్నది మొదటిది. ఆ మందును ఏ రోజు ఆపాలన్నది రెండోది. రెండో ప్రశ్నకే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి కనుక దానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను. రోగి బంధువులు కూడా దీన్ని చదవవచ్చు. అయితే ఇందులోని మోతాదులు డాక్టర్ల కోసం రాసినవి, ఇంట్లో సొంతంగా వాడడానికి కాదు.

పద్ధతి మొత్తాన్ని ఒకే రోగిని వెంటబెట్టుకుని చెబుతాను. పరకాల వైపు ఊరి రైతు, వయసు 74 ఏళ్లు, బరువు 52 కిలోలు. మెదడు ఎడమ భాగంలో రక్తం గడ్డకట్టి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మొదట చేరిన ఆసుపత్రిలో 4 రోజులు ఉన్నారు. రెండో రోజు ఒకసారి ఫిట్స్ రావడంతో వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు. న్యుమోనియా రాకుండా ముందుజాగ్రత్త అంటూ సెఫ్ట్రియాక్సోన్ కూడా 2 రోజులు ఇచ్చారు. మింగగలరో లేదో పరీక్షించకుండానే ఇంటికి పంపారు. ఇంటికి వెళ్లిన మూడో రోజు కోడలు ఆయనను పడుకోబెట్టే గ్లాసుతో జావ తాగించింది. ఆయనకు గట్టిగా పొలమారింది, ఆ తరువాత గొంతులో గురగుర మొదలైంది. మరుసటి రోజు సాయంత్రానికి జ్వరం, ఆయాసంతో మా దగ్గరికి తీసుకొచ్చారు.

## 1. ముందుగా తేల్చుకోండి: మంటా, ఇన్‌ఫెక్షనా

పొలమారిన ప్రతి రోగికీ యాంటీబయాటిక్ అవసరం ఉండదు. కడుపులోని ఆమ్లం పెద్ద వాంతితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే కొన్ని గంటల్లోనే ఆయాసం, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తాయి. అది ఆమ్లం కాల్చడం వల్ల వచ్చిన మంట, అందులో బ్యాక్టీరియా పాత్ర మొదట్లో ఉండదు. చాలామందిలో 24 నుంచి 48 గంటల్లో తగ్గుముఖం పడుతుంది. నోటిలోని బ్యాక్టీరియా లాలాజలంతోనో తిండితోనో దిగి పెరిగితే వచ్చేది న్యుమోనియా. అది నెమ్మదిగా, సాధారణంగా ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది, రోజు గడిచేకొద్దీ ముదురుతుంది.

వాంతి జరిగి కొన్ని గంటలే అయి, రోగి నిలకడగా ఉంటే ఆక్సిజన్ ఇస్తూ, గొంతులో చేరినదాన్ని సక్షన్‌తో తీస్తూ 48 గంటలు గమనించండి. రోగి పరిస్థితి బరువుగా ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టండి. 48 గంటలకు జ్వరం, ఆయాసం, ఎక్స్‌రే మచ్చ మూడూ త్వరగా తగ్గిపోతే అక్కడితో ఆపేయండి. స్టెరాయిడ్ సూది రెండింటిలో దేనికీ ఉపయోగపడదు.

మన రైతుకు పొలమారి దాదాపు 30 గంటలైంది. జ్వరం 101.6 డిగ్రీలు ఉండి పెరుగుతోంది. కుడి ఊపిరితిత్తి అడుగుభాగంలో చిటపట శబ్దాలు వినిపిస్తున్నాయి, తెమడ పసుపు రంగులో పడుతోంది, ఎక్స్‌రేలో అదే చోట మచ్చ ఉంది. తెల్లకణాలు 16,200. ఇది న్యుమోనియానే, మందు ఇవ్వాలి.

## 2. మొదటి డోసుకు ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఈ పనులన్నీ ఒక గంటలోపు పూర్తి కావాలి. రోగి షాక్‌లో ఉంటే కల్చర్‌కు రక్తం తీసిన వెంటనే మందు ఎక్కించండి, మిగిలినవి తరువాత చూసుకోవచ్చు.

- నిమిషానికి శ్వాసలు ఎన్ని? గడియారం పెట్టుకుని పూర్తి నిమిషం లెక్కించండి.
- నాడి, బీపీ, జ్వరం, గది గాలిలో ఆక్సిజన్ శాతం.
- రక్తం కల్చర్ రెండు చోట్ల నుంచి, తెమడ కల్చర్, తెమడలో టీబీ పరీక్ష.
- క్రియాటినిన్, యూరియా, షుగర్, తెల్లకణాలు, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ.
- రోగి బరువు. మంచం మీద నుంచి కదలలేకపోతే ఇంటివాళ్లను అడిగి అంచనా వేయండి.
- గత 90 రోజుల్లో నరానికి ఎక్కించిన యాంటీబయాటిక్‌లు. పాత డిశ్చార్జి కాగితం చూడకుండా దీనికి జవాబు రాయవద్దు.
- ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా ఫిట్స్ మందు, రక్తం పలుచబరిచే మందు.

తెమడ నమూనా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మాట పోయిన రోగిని ఉమ్మమంటే డబ్బాలో పడేది చాలాసార్లు లాలాజలమే. సూక్ష్మదర్శినిలో చిన్న లెన్సు కింద ఒక్కో క్షేత్రంలో నోటి చర్మకణాలు 10 కంటే ఎక్కువ ఉంటే ఆ నమూనా గొంతు కింద నుంచి వచ్చింది కాదని అర్థం. ఆ సంఖ్యను రిపోర్టుపై రాయమని ల్యాబువారికి ముందే చెప్పండి. మూడో రోజు ఆ ఒక్క సంఖ్య ఎంత పనికొచ్చిందో కిందికి వచ్చాక చూస్తారు.

## 3. మూడు ప్రశ్నలతో మందును ఎంచుకోండి

ఎక్కడ వచ్చింది? ఇంట్లో వచ్చిందా, లేక ఆసుపత్రిలో చేరిన 48 గంటల తరువాత మొదలైందా? ఇంట్లో ఉన్నవారి నోటిలో ఉండే బ్యాక్టీరియా ఎక్కువగా మామూలు మందులకే లొంగుతుంది. వారం రోజులు వార్డులో పడుకున్నవారి గొంతులో మొండి బ్యాక్టీరియా చేరుతుంది.

ఎంత తీవ్రంగా ఉంది? బీపీ నిలబడకపోవడం, వెంటిలేటర్ అవసరం కావడం, నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ శ్వాసలు, రెండు మూడు లోబులకు పాకిన మచ్చలు తీవ్రతకు గుర్తులు. అయోమయాన్ని లెక్కలోకి తీసుకునేటప్పుడు మాత్రం అది పక్షవాతంతో వచ్చిందా, జ్వరంతో కొత్తగా వచ్చిందా అని ఇంటివాళ్లను అడగండి. ఆ అడగడం మరిచిపోతే పక్షవాతం రోగులందరూ తీవ్రమైన కేసులుగానే లెక్కకొస్తారు.

ఇంతకుముందు ఏమిచ్చారు? గత 90 రోజుల్లో ఆసుపత్రిలో నరం ద్వారా యాంటీబయాటిక్ తీసుకున్నవారిలో మొండి బ్యాక్టీరియా అవకాశం పెరుగుతుంది. రోగం తీవ్రంగా ఉంటే ఆ కారణంతో మొదటి నుంచే పెద్ద మందు ఇవ్వాలి. తీవ్రంగా లేకపోతే కల్చర్ పంపి, మామూలు మందుతో మొదలుపెట్టి, కల్చర్ చెప్పినప్పుడే మార్చాలి. 2019లో అమెరికా ఛాతీ వైద్యుల, ఇన్‌ఫెక్షన్ నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లోని పద్ధతి ఇదే, నేను కూడా దీన్నే పాటిస్తాను.

ఈ జవాబులను బట్టి మందు ఇలా ఉంటుంది. మోతాదులు కిడ్నీలు బాగా పనిచేసే పెద్దలకు.

- ఇంట్లో వచ్చింది, తీవ్రంగా లేదు: అమోక్సిసిలిన్-క్లావులనేట్ 1.2 గ్రాములు నరానికి 8 గంటలకొకసారి, లేదా యాంపిసిలిన్-సల్బాక్టం 3 గ్రాములు 6 గంటలకొకసారి, లేదా సెఫ్ట్రియాక్సోన్ రోజుకు ఒకసారి 1 నుంచి 2 గ్రాములు.
- ఆసుపత్రిలో చేరిన నాలుగైదు రోజుల్లోపే వచ్చింది, అంతకుముందు యాంటీబయాటిక్ లేదు, రోగి నిలకడగా ఉన్నారు: పై మందులే సరిపోవచ్చు.
- ఆసుపత్రిలో ఆలస్యంగా వచ్చింది, లేదా ముందే యాంటీబయాటిక్ పడి ఇప్పుడు తీవ్రంగా ఉంది: పైపెరాసిలిన్-టాజోబాక్టం 4.5 గ్రాములు 6 గంటలకొకసారి.
- షాక్‌లో ఉన్నారు, లేదా ఆ వార్డు కల్చర్లలో పై మందుకు లొంగని బ్యాక్టీరియా తరచుగా వస్తోంది: మెరోపెనెం 1 గ్రాము 8 గంటలకొకసారి.

పెన్సిలిన్‌కు ప్రమాదకరమైన ఎలర్జీ ఉన్నవారికి లెవోఫ్లోక్సాసిన్ 750 మి.గ్రా. ఒక దారి. అయితే అది టీబీని కొంతకాలం అణిచి రోగనిర్ధారణను వెనక్కి నెడుతుంది. కనుక మన దగ్గర టీబీ పరీక్షకు తెమడ పంపకుండా మొదలుపెట్టవద్దు. షుగరు మందులు వాడే పెద్దవారిలో షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు, ఫిట్స్ ఉన్నవారిలో అవి మళ్లీ రావచ్చు.

మన రైతుకు శ్వాసలు 26, నాడి 108, బీపీ 128/76, ఆక్సిజన్ 89 శాతం, యూరియా 38. మచ్చ ఒక్క లోబులోనే ఉంది. పాత కాగితంలో సెఫ్ట్రియాక్సోన్ కనిపించింది కనుక మొండి బ్యాక్టీరియా అవకాశం ఉంది, కానీ రోగం తీవ్రంగా లేదు. అందువల్ల కల్చర్లు పంపి అమోక్సిసిలిన్-క్లావులనేట్‌తో మొదలుపెట్టాం. పొలమారడం కళ్లారా చూసిన సంఘటన కనుక అజిత్రోమైసిన్ కలపలేదు. రోగం తీవ్రంగా ఉన్నా, కారణం స్పష్టంగా లేకపోయినా కలిపేవాణ్ణి.

ముందుజాగ్రత్తగా ఇచ్చిన ఆ రెండు రోజుల సెఫ్ట్రియాక్సోన్ గురించి కూడా చెప్పాలి. పక్షవాతం వచ్చిన రోగులకు న్యుమోనియా రాకముందే యాంటీబయాటిక్ ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షలు 2015లో వెలువడ్డాయి. ఒకటి నెదర్లాండ్స్‌లో, ఒకటి బ్రిటన్‌లో జరిగింది. రోగులు కోలుకోవడంలో ప్రయోజనం రెండింటిలోనూ కనిపించలేదు. మింగే పరీక్ష చేసి ఉంటే దొరికే రక్షణ ఆ సూదితో దొరకదు.

## 4. మెట్రోనిడజోల్‌ను అలవాటుగా కలపకండి

పొలమారిన న్యుమోనియా అనగానే కేస్‌షీటులో మెట్రోనిడజోల్ సీసా రాసేయడం మన ప్రాంతంలో చాలాచోట్ల చూస్తున్నాను. గాలి లేకుండా బతికే బ్యాక్టీరియాను చంపడానికి దాన్ని రాస్తారు. ఊపిరితిత్తిలో చీము గడ్డ ఉన్నప్పుడో, ఊపిరితిత్తి చుట్టూ చీము చేరినప్పుడో దానికి అర్థం ఉంది. అవి లేని మామూలు కేసుల్లో దాన్ని కలపనక్కర్లేదని 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పైగా అమోక్సిసిలిన్-క్లావులనేట్, యాంపిసిలిన్-సల్బాక్టం, పైపెరాసిలిన్-టాజోబాక్టం, మెరోపెనెం ఆ బ్యాక్టీరియాను ఇప్పటికే చంపుతాయి. వాటితో మెట్రోనిడజోల్ కలిపితే చంపిందాన్నే చంపినట్టు. వార్ఫరిన్ వాడే రోగిలో రక్తం మరీ పలుచబడే ప్రమాదం మాత్రం కొత్తగా వస్తుంది. నోరు దుర్వాసన, వాసన కొట్టే తెమడ, ఎక్స్‌రేలో గాలి-ద్రవం గీత ఉన్న గడ్డ కనిపిస్తే అది వేరే రోగం. సెఫ్ట్రియాక్సోన్‌తో నడుపుతుంటే అప్పుడు దాన్ని కలపండి, లేదా మందునే మార్చండి.

## 5. మోతాదు: క్రియాటినిన్ అంకెను ఒంటరిగా నమ్మకండి

కండ తగ్గిన ముసలివారిలో క్రియాటినిన్ 1.3 అన్నది ఎవరినీ కంగారుపెట్టదు. మన రైతుది కూడా అంతే, లెక్క వేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 140 నుంచి వయసు తీసివేసి బరువుతో గుణించాలి. వచ్చినదాన్ని 72, క్రియాటినిన్ గుణిస్తే వచ్చే అంకెతో భాగించాలి. ఆడవారికి ఫలితాన్ని 0.85తో గుణించాలి.

(140 − 74) × 52 = 3432
72 × 1.3 = 93.6
3432 ÷ 93.6 = 36.7

అంటే కిడ్నీలు వడపోసేది నిమిషానికి దాదాపు 37 మి.లీ. అమోక్సిసిలిన్-క్లావులనేట్‌కు 30 పైన ఉంటే మోతాదు తగ్గించనక్కర్లేదు. 10, 30 మధ్య ఉంటే మొదటి డోసు 1.2 గ్రాములు, ఆ తరువాత 600 మి.గ్రా. 12 గంటలకొకసారి. కిడ్నీలు ఎలా ఉన్నా మొదటి డోసు మాత్రం పూర్తిగానే ఇవ్వాలి. సెఫ్ట్రియాక్సోన్‌కు ఈ లెక్క అవసరం లేదు.

పక్షవాతం రోగిలో రెండు చిక్కులు ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి మెరోపెనెం ఇస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో వాల్‌ప్రోయేట్ బాగా పడిపోతుంది, ఫిట్స్ తిరగబెడతాయి. వాల్‌ప్రోయేట్ మోతాదు పెంచినా ఆ లోటు తీరదు. మెరోపెనెం తప్పనిసరైతే లెవెటిరాసెటం వంటి వేరే ఫిట్స్ మందును మొదలుపెట్టండి. రెండోది సెఫిపిమ్. కిడ్నీలు తగ్గినవారిలో దాని మోతాదు తగ్గించకపోతే మగత, కండరాల కుదుపులు, అయోమయం వస్తాయి. చూసేవారు మళ్లీ పక్షవాతం వచ్చిందనుకుని స్కానింగ్‌కు పంపుతారు.

## 6. మూడో రోజు: మందు పనిచేస్తోందా?

48 నుంచి 72 గంటల మధ్య కేస్‌షీటు ముందు కూర్చుని మూడింటిలో ఒక నిర్ణయం రాయండి: కొనసాగించడం, తగ్గించడం, మార్చడం. నిర్ణయం రాయకుండా వదిలేసిన మందు పది రోజులు నడుస్తుంది.

మా రోగికి మూడో రోజు ఉదయానికి జ్వరం 99.8కి దిగింది, శ్వాసలు 22, ఆక్సిజన్ అవసరం నిమిషానికి 4 లీటర్ల నుంచి 2కు తగ్గింది. అదే మధ్యాహ్నం తెమడ కల్చర్‌లో క్లెబ్సియెల్లా పెరిగిందనీ, అది అమోక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగదనీ, మెరోపెనెంకు లొంగుతుందనీ రిపోర్టు వచ్చింది. డ్యూటీ డాక్టర్ మెరోపెనెం రాసి సంతకం చేయబోతూ నాకు ఫోన్ చేశాడు. "రిపోర్టులో చర్మకణాలు ఎన్ని ఉన్నాయో చదువు తమ్మీ" అన్నాను. 25కు పైగా ఉన్నాయి. నమూనా లాలాజలం, రోగి కోలుకుంటున్నాడు, రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఆ క్లెబ్సియెల్లా గొంతులో కాపురం పెట్టిన బ్యాక్టీరియా, ఊపిరితిత్తిని పాడుచేస్తున్నది కాదు. మందు మార్చలేదు. మార్చి ఉంటే వాల్‌ప్రోయేట్ పడిపోయి ఆయనకు మళ్లీ ఫిట్స్ వచ్చేవేమో.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంటుంది. నమూనా మంచిది, చీముకణాలు నిండుగా ఉన్నాయి, రోగి దిగజారుతున్నాడు, పెరిగిన బ్యాక్టీరియా మన మందుకు లొంగదు. అప్పుడు ఆ సాయంత్రమే మార్చాలి. పెద్ద మందుతో మొదలుపెట్టిన రోగిలో చిన్న మందుకు లొంగే బ్యాక్టీరియా వస్తే, రోగి బాగున్నా సరే, అదే రోజు చిన్న మందుకు దిగండి.

## 7. ఆపే తేదీని మొదటి రోజే రాయండి

మందు మొదలుపెట్టిన రోజే కేస్‌షీటు పైన "5వ రోజు సమీక్ష" అని తేదీతో సహా రాయండి. ఇంట్లో వచ్చిన, తీవ్రత లేని, త్వరగా కోలుకునే న్యుమోనియాకు కనీసం 5 రోజులు. ఆసుపత్రిలో వచ్చినదానికి సాధారణంగా 7 రోజులు. చీము గడ్డ, ఊపిరితిత్తి చుట్టూ చీము ఉన్నవారికి వారాల తరబడి, చాలాసార్లు 3 నుంచి 6 వారాలు. అక్కడ చీము తీయడం కూడా చికిత్సలో భాగమే.

ఆపడానికి ముందు ఇవి చూడండి:

- జ్వరం 100 డిగ్రీలు లేదా తక్కువ, వీలైనంతవరకు 48 గంటలుగా.
- నాడి 100 లేదా తక్కువ.
- శ్వాసలు 24 లేదా తక్కువ.
- పై బీపీ 90 లేదా ఎక్కువ.
- గది గాలిలో ఆక్సిజన్ 90 శాతం లేదా ఎక్కువ.
- తెలివి, తిండి తీసుకోవడం మునుపటి స్థితికి రావడం.

చివరి అంశంలోనే పక్షవాతం రోగులకు అన్యాయం జరుగుతుంది. మాట పోయిన మనిషి మాట్లాడటం లేదని, ముక్కు పైపుతో తింటున్నాడని మందును సాగదీస్తారు. పోల్చవలసింది పక్షవాతానికి ముందు మనిషితో కాదు, పక్షవాతం వచ్చాక, న్యుమోనియా రాకముందు ఉన్న మనిషితో. మా రోగి ఇంట్లో కళ్లతో కోడలిని గుర్తుపట్టేవారు, ఎడమ చేత్తో దుప్పటి లాక్కునేవారు. నాలుగో రోజు ఆ రెండూ తిరిగి వచ్చాయి. మాకు అదే కొలమానం.

ఎక్స్‌రేను చూసి మందు ఆపే రోజును నిర్ణయించకండి. పెద్దవారిలో మచ్చ పోవడానికి 6 నుంచి 8 వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది. మనిషి కోలుకుంటే ఐదో రోజు ఎక్స్‌రే తీయవలసిన పనే లేదు.

ఐదో రోజు ఉదయం ఆక్సిజన్ తీసేస్తే గది గాలిలో 93 శాతం నిలిచింది. నరానికి ఇచ్చే మందు ఆపి, అదే మందు సిరప్‌ను ముక్కు పైపు ద్వారా ఇచ్చాం. ప్రతి డోసు తరువాత 30 మి.లీ. నీటితో పైపు కడగాలి. ఆక్సిజన్ అప్పుడే తీశాం కనుక ఇంకొక రోజు చూడాలనిపించింది, ఆరో రోజు రాత్రితో మందు ముగించాం. కొడుకు అడిగాడు: "సార్, ఇంక నాలుగు రోజులు సూదులు ఏస్తే బాపుకు గట్టిగుంటది గదా?" నాలుగు రోజులు ఎక్కువ ఇస్తే విరేచనాలు పట్టుకోవచ్చనీ, గొంతులో మొండి బ్యాక్టీరియా ఇంకా బలపడుతుందనీ, రేపు మళ్లీ పొలమారితే ఈ మందు పనిచేయకపోవచ్చనీ చెప్పాను. "గట్లయితే వద్దు సార్" అన్నాడు.

## 8. తగ్గకపోతే, మందు మార్చే ముందు

మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోతే వెంటనే ఇంకో యాంటీబయాటిక్ కలిపే అలవాటు మానండి. ఈ వరుసలో వెతకండి.

ముందుగా రోగి ఇంకా పొలమారుతున్నారా అని చూడండి. తినిపించే సమయంలో మంచం దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. నాకు ఎక్కువగా దొరికిన కారణం ఇదే. రెండోది తెమడ అడ్డుపడి ఊపిరితిత్తి భాగం మూసుకుపోవడం. దానికి ఫిజియోథెరపీ, సక్షన్ కావాలి. మూడోది ఛాతీలో చేరిన నీరు లేదా చీము, అది అల్ట్రాసౌండ్‌లో తేలుతుంది. నాలుగోది మొండి బ్యాక్టీరియా లేదా టీబీ. చివరగా న్యుమోనియాతో సంబంధం లేని జ్వరాలు: సెలైన్ పెట్టిన నరం వాపు, మూత్రం పైపుతో వచ్చిన ఇన్‌ఫెక్షన్, కదలని కాలిలో గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరిన రక్తం. ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయి ఎక్స్‌రే మాత్రం పెద్దగా మారకపోతే ఈ చివరిదాన్ని అనుమానించండి.

## 9. మందు నడుస్తుండగానే నోరు, తిండి

రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో పళ్లు, నాలుక తోమాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసేయాలి. తినిపించేటప్పుడు, ఆ తరువాత కనీసం అరగంట తల భాగం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. ముక్కు పైపు ఉన్నా ఇది తప్పదు, ఎందుకంటే పైపు లాలాజలాన్ని ఆపదు.

రోగి బాగా మేల్కొని ఉన్నప్పుడు కూర్చోబెట్టి ఒక చెంచా నీళ్లు ఇవ్వండి. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గురగురలాడినా అక్కడే ఆపండి. మూడు చెంచాలు సాఫీగా దిగితేనే 90 మి.లీ. నీళ్లు ఆగకుండా తాగించి చూడండి. మా రైతు రెండో చెంచాకే దగ్గారు. పైపుతోనే ఇంటికి పంపాం. కోడలు మంచం తల కింద ఎన్ని ఇటుకలు పెట్టాలో అడిగి, కొలత కాగితం మీద రాయించుకుని వెళ్లింది.